‘ఉంటే’కీ ‘ఉంటేనే’కీ మధ్య

ఆ బాలికల గురుకుల పాఠశాల వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ ఏడాది నివేదిక చదవడం ముగించి, కాగితాలు పక్కన పెట్టి, తొమ్మిదో తరగతి నుంచి నలుగురు అమ్మాయిల్ని వేదిక మీదికి పిలిచారు. తలా ఒక అట్ట ఇచ్చారు. ప్రతి అట్టకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె రాసి ఉన్నాయి. సభ వైపు తిప్పి పట్టుకుంటే మొదటి అట్ట మీద ‘అ’, రెండోదాని మీద ‘క’, మూడోదాని మీద 4, నాలుగోదాని మీద 7 కనిపిస్తున్నాయి. అప్పుడు ఆవిడ మైకులో ఒక వాక్యం చదివారు: “ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది.”

“ఈ నాలుగు అట్టల విషయంలో నా మాట నిజమో అబద్ధమో మీరు తేల్చాలి. అందుకు ఏయే అట్టలు తిప్పి చూడాలి? అవసరం లేని అట్ట ఒక్కటి కూడా తిప్పకూడదు” అన్నారు.

పిల్లలంతా ఒక్కసారిగా ‘అ, 4’ అని అరిచారు. వెనక కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులు కూడా అదే జవాబు చెప్పారు. ఆవిడ ఎవరినీ తప్పుపట్టలేదు. ఒక్కో అట్ట దగ్గరికీ నడిచి వెళ్ళి నిదానంగా వివరించారు.

‘అ’ అచ్చు. దాని వెనక సరిసంఖ్య లేకపోతే వాక్యం అబద్ధమవుతుంది, కాబట్టి ఆ అట్ట తిప్పాల్సిందే. ‘క’ హల్లు. హల్లు వెనక ఏముండాలో వాక్యం చెప్పలేదు, కాబట్టి దాని జోలికి పోనక్కర్లేదు. ఇక 4 సంగతి. దాని వెనక అచ్చు ఉంటే సరే. హల్లు ఉంటే? అప్పుడూ వాక్యానికి ఏ నష్టమూ లేదు. అచ్చు వెనక సరిసంఖ్య ఉంటుందని చెప్పాం గానీ, హల్లు వెనక సరిసంఖ్య ఉండకూడదని చెప్పలేదు. కాబట్టి 4 తిప్పడం వృథా. మిగిలింది 7, ఎవరూ పట్టించుకోని అట్ట. దాని వెనక అచ్చు ఉందనుకోండి, వాక్యం అక్కడికక్కడే కూలిపోతుంది. తిప్పాల్సినవి ‘అ’, 7.

సభ సర్దుకునేలోపే ఆవిడ వాక్యంలో ఒక్క అక్షరం చేర్చారు: “ఒకవైపు అచ్చు ఉంటేనే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది. ఇప్పుడు చెప్పండి.”

ఈసారి ఎవరూ తొందరపడలేదు. కాసేపటికి ముందు వరుసలోని ఒక అమ్మాయి లేచి, “4 తిప్పాలి మేడం. దాని వెనక హల్లు ఉంటే మీ మాట తప్పు” అంది. ఇంకో అమ్మాయి, “‘క’ కూడా తిప్పాలి మేడం. దాని వెనక సరిసంఖ్య ఉంటే తప్పే కదా” అంది. ‘అ’, 7 ఈసారి తిప్పనక్కర్లేదు. సరిసంఖ్య ఉండాలంటే అచ్చు ఉండి తీరాలని ఈ వాక్యం అంటోంది గానీ, అచ్చు ఉన్న ప్రతిచోటా సరిసంఖ్య ఉంటుందని మాట ఇవ్వడం లేదు. మొదటి వాక్యానికి ఏ రెండు అట్టలు అక్కర్లేదో సరిగ్గా ఆ రెండే రెండో వాక్యానికి కావాలి. చివర ‘నే’ ఒక్కటి చేరగానే చూడాల్సిన చోటు మొత్తం మారిపోయింది.

ప్రిన్సిపాల్ లెక్కల టీచరు. తెలుగు పాఠం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. “నా క్లాసులో లెక్క తప్పు చేసేవాళ్ళలో చాలామందికి లెక్క వచ్చు. వాళ్ళు వాక్యాన్ని సరిగా చదవరు. అందుకే ఈ రోజు మీతో వ్యాకరణం గురించి మాట్లాడాలనుకున్నాను” అంటూ ఆవిడ ప్రసంగం మొదలుపెట్టారు. అందులో నాకు బాగా నచ్చిన భాగాన్ని నాకు తెలిసిన సంగతులతో కలిపి ఇక్కడ వివరిస్తాను.

అట్టల పరీక్ష ఆవిడ సొంతంగా తయారుచేసింది కాదు. పీటర్ వాసన్ అనే ఇంగ్లండు మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో దీన్ని ప్రచురించారు. ఆయన పరీక్షించింది విశ్వవిద్యాలయ విద్యార్థులను. వాళ్ళలోనూ సరైన జవాబు చెప్పినవాళ్ళు పదిమందిలో ఒక్కరు కూడా లేరు. ఎక్కువమంది మన గురుకులం పిల్లల్లాగే అచ్చునూ సరిసంఖ్యనూ ఎంచుకున్నారు, లేదా అచ్చుతోనే ఆగిపోయారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఈ పరీక్ష పెట్టినా ఫలితం పెద్దగా మారలేదు.

దీనికి ఒక కొసమెరుపు ఉంది. 1982లో అమెరికాలోని ఫ్లోరిడాలో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే పరీక్షను అక్షరాలు, అంకెలు తీసేసి అక్కడివాళ్ళకు తెలిసిన నియమంతో పెట్టారు. బీరు తాగుతుంటే వయసు 19 దాటి ఉండాలన్నది ఆ నియమం. ఎవరిని తనిఖీ చేయాలని అడిగితే ఎక్కువమంది తడుముకోకుండా సరిగా చెప్పారు. బీరు తాగుతున్నవాడి వయసు చూడాలి, 19 దాటనివాడి గ్లాసు చూడాలి. వయసు దాటినవాడు ఏం తాగితే మనకేం? మన దగ్గర బండీ లైసెన్సుల నియమం చెప్పి అడిగినా పిల్లలు ఇలాగే చెప్తారు. వాక్యం అల్లిక రెండుచోట్లా ఒకటే. విషయం అలవాటైనదైతే మనకు వాక్యం వైపు చూడాల్సిన పని పడదు, అనుభవమే దారి చూపుతుంది. విషయం కొత్తదైనప్పుడు అనుభవం తోడు రాదు. అప్పుడు చేతిలో మిగిలేది వాక్యం ఒక్కటే. చట్టం చదివినా, కొత్త సూత్రం చదివినా, మందుల చీటీ మీది హెచ్చరిక చదివినా మనం ఉండేది అక్కడే. వ్యాకరణం అక్కరకొచ్చే చోటు కూడా అదే.

‘-తే’తో ముగిసే ఈ రూపానికి మన బడి పుస్తకాల్లో చేదర్థకం అని పేరు. ‘-ఇ’తో వచ్చేది క్త్వార్థకం, ‘-తూ’తో వచ్చేది శత్రర్థకం, ‘-ఇనా’తో వచ్చేది అప్యర్థకం. పదో తరగతి చదివిన ప్రతి తెలుగు విద్యార్థీ ఈ పేర్లు వల్లెవేసే ఉంటారు. వీటన్నిటినీ కలిపి అసమాపక క్రియలంటాం. వాక్యం వీటితో ముగిసిపోదు, తర్వాత ఇంకో క్రియ రావాలి. రెండు పనుల మధ్య ఉన్న సంబంధాన్ని తెలుగు ఎక్కువగా ఈ తోకల్లోనే దాచుకుంటుంది. ఒకటి జరిగాక ఇంకోటి జరిగిందా, రెండూ ఒకేసారి జరిగాయా, ఒకటి జరిగితే ఇంకోటి జరుగుతుందా, ఒకటి అడ్డుపడినా ఇంకోటి జరిగిందా అన్నది ఆ ఒకటి రెండు అక్షరాలే చెప్తాయి.

పరీక్షలో మాత్రం ఇవి ఒక మార్కు ప్రశ్నలు. గీత గీసిన పదం ఏ రకమని అడుగుతారు. చివర ‘తే’ కనిపిస్తే చేదర్థకమని రాసి పిల్లలు మార్కు తెచ్చుకుంటారు. ఆ కొండగుర్తు ఎంత బలహీనమైనదో ప్రిన్సిపాల్ ఒక చిన్న జంటతో చూపించారు. “మాత్ర వేసుకుంటే జ్వరం తగ్గుతుంది.” “మాత్ర వేసుకుంటే జ్వరం తగ్గింది.” రెండిట్లోనూ ‘తే’ ఉంది. మొదటిది షరతు, మాత్ర వేసుకున్నారో లేదో అది చెప్పదు. రెండోదాంట్లో షరతు లేదు. మాత్ర వేసుకున్నారు, జ్వరం తగ్గింది, రెండూ జరిగిపోయాయి. “నిన్న మీ ఇంటికి వస్తే తాళం వేసి ఉంది” అన్నప్పుడూ అంతే. తేడా ‘తే’లో లేదు, చివరి క్రియలో ఉంది. అది గడిచిన కాలాన్ని చెప్తుంటే అక్కడి ‘తే’ చాలావరకు జరిగిన సంగతినే చెప్తుంది. కాబట్టి తోక చూసి పేరు పెట్టడం చాలదు, వాక్యం చివరిదాకా వెళ్ళి వెనక్కి చూడాలి.

‘తే’, ‘తేనే’ తేడా నిజ జీవితంలో ఎంత నష్టం చేస్తుందో చెప్పడానికి ఆవిడ ఒక ఉదాహరణ తీసుకున్నారు. ఊళ్ళో ఒక తల్లికి ఎవరో చెప్పారు: “ఖాతాకి ఆధార్ కలిపితే డబ్బులు పడతాయి.” ఆమె కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వెళ్ళి ఖాతాకి ఆధార్ కలిపించుకుంది. డబ్బులు పడలేదు. మళ్ళీ వెళ్ళి అడిగితే, చాలాకాలంగా లావాదేవీలు లేక ఖాతా పనిచేయడం లేదన్నారు. అది సరిచేయించుకున్నాక, పేరులో అక్షరం తేడా ఉందన్నారు. మొదటిరోజు చెప్పాల్సిన వాక్యం “ఆధార్ కలిపితేనే డబ్బులు పడతాయి” అన్నది. ఆ వాక్యం విని ఉంటే, ఆధార్ తప్పనిసరి అని, అది ఒక్కటే చాలకపోవచ్చని ఆ తల్లికి తెలిసేది. ఇంకేమేం కావాలని అక్కడే అడిగేది. ‘తే’ చెప్పేది ‘ఇది ఉంటే చాలు’ అని. ‘తేనే’ చెప్పేది ‘ఇది లేకుంటే కుదరదు’ అని. లెక్కల్లో వీటిని పర్యాప్త నియమం, ఆవశ్యక నియమం అని వేర్వేరుగా నేర్పుతారు. తెలుగు ఒక్క ‘ఏ’కారంతో ఆ తేడా చూపిస్తోంది. మనమే దాన్ని గమనించడం లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మాట్లాడే భాషలో జనం ‘తే’ అని ‘తేనే’ అర్థం తీసుకోవడం మామూలే. “హోంవర్క్ చేస్తే టీవీ పెడతాను” అని అమ్మ అన్నప్పుడు, చేయకపోతే పెట్టదని ఏ పిల్లాడికైనా తెలుసు. వాక్యం ఆ రెండో మాట చెప్పలేదు, సందర్భం చెప్పింది. అమెరికన్ భాషా శాస్త్రవేత్తలు మైకేల్ గైస్, ఆర్నాల్డ్ జ్వికీ 1971లో దీని మీద ఒక వ్యాసం రాశారు. షరతు వినగానే దాని తలకిందులు కూడా నిజమని మనసు పూరించుకుంటుందని అందులో చూపించారు. అమ్మ మాట విషయంలో ఆ పూరింపు సరైనదే. కానీ “వర్షం వస్తే ఆట ఉండదు” అన్న నోటీసు చదివి, వర్షం రాలేదు కాబట్టి ఆట ఉంటుందని అరవై కిలోమీటర్లు వెళ్ళినవాళ్ళకు ఆ పూరింపు మోసం చేస్తుంది. వర్షం రాకపోయినా వేరే కారణంతో ఆట ఆగొచ్చు. నోటీసు దాని గురించి మాట ఇవ్వలేదు. వాక్యం చెప్పింది ఎంత, మనం కలుపుకున్నది ఎంత అని విడదీసి చూడగలగడమే ఈ పాఠంలోని అసలు నైపుణ్యం.

ఆ సాయంత్రం సభను నిజంగా కదిలించింది మాత్రం ‘-ఇనా’ గురించి చెప్పిన మాటలు.

“మన అమ్మాయి ఒకరు లెక్కల పోటీలో గెలిచినప్పుడు ఊళ్ళో ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి ‘ఆడపిల్లయినా భలే గెలిచిందమ్మా’ అన్నారు. మెచ్చుకోవడానికే అన్నారు. ఆయన మనసులో చెడు లేదు. నేను కూడా ‘అవునండీ’ అన్నాను. తర్వాత ఇంటికి వెళ్ళాక ఆ వాక్యం గురించి ఆలోచించాను. ‘వర్షం వచ్చినా ఆట జరిగింది’ అంటే అందులో రెండు మాటలున్నాయి. బయటికి వినిపించేది, ఆట జరిగిందని. లోపల ఉన్నది, మామూలుగా వర్షం వస్తే ఆట జరగదని. ‘ఇనా’ ఉన్న ప్రతి వాక్యాన్నీ ఇలా విప్పవచ్చు. ఇప్పుడు ఆ పెద్దాయన మాట విప్పి చూడండి పిల్లలూ. లోపలి మాట ఏమిటి?”

ఆరో తరగతి పిల్ల ఒకతి లేచి, “ఆడపిల్లలైతే మామూలుగా గెలవరని మేడం” అంది.

“ఆ లోపలి మాట నిజమా?”

“కాదు మేడం” అని హాలంతా అరిచింది.

ప్రిన్సిపాల్ ఇక్కడ పెద్దాయన్ని తిట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక పద్ధతి చూపించి ఊరుకున్నారు. ‘ఇనా’ వాక్యాన్ని విప్పు, లోపలి మాటను బయటికి తీసి పక్కన రాసుకో, అది నిజమో కాదో విడిగా చూసుకో. వర్షం సంగతిలో లోపలి మాట నిజం, కాబట్టి ఆ వాక్యం సబబు. “పల్లెటూరివాడైనా ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు”, “పేదవాళ్ళయినా నిజాయితీపరులు” అన్న వాక్యాలను ఇలాగే విప్పి చూడండి. పైకి మెప్పులా వినిపించే మాటల్లో ఎన్ని అభిప్రాయాలు పరీక్షకు నిలబడకుండా దాక్కుని ఉన్నాయో తెలుస్తుంది. ఒక ప్రత్యయం పేరు తెలిసిన పిల్లకు, ఆ ప్రత్యయం ఏం మోస్తోందో తెలిసిన పిల్లకు మధ్య దూరం ఇంత.

అట్టల తర్వాత ఆవిడ ఎక్కువసేపు మాట్లాడింది బీకరు గురించి. సైన్సు గదిలో గాజు సామాను పగిలినప్పుడల్లా పిల్లలు వచ్చి చెప్పేది ఒకటే వాక్యం: “బీకరు పగిలిపోయింది మేడం.” ‘పగులు’ అకర్మక క్రియ. దానికి పగిలిన వస్తువు చాలు, పగలగొట్టిన మనిషి అక్కర్లేదు. ‘పగలగొట్టు’ సకర్మక క్రియ. ఎవరు అన్న ప్రశ్న దాంతోపాటే వస్తుంది. తెలుగులో ఇలాంటి జంటలు బోలెడు. విరుగు, విరుచు. తెగు, తెంచు. కాలు, కాల్చు. మునుగు, ముంచు. చిరుగు, చించు. మాటలు సరిగా రాని పసివాళ్ళు కూడా తప్పు చేసినప్పుడు మొదటి రూపాన్నే ఎంచుకుంటారు. వాళ్ళకు వ్యాకరణం పేర్లు తెలియవు గానీ వ్యాకరణం తెలుసు.

పెద్దవాళ్ళం రాసేటప్పుడూ అదే చేస్తాం. “గోడ కూలి ఇద్దరికి గాయాలు.” “ఫైలు ఆలస్యమైంది.” “నీళ్ళు కలుషితమయ్యాయి.” ఈ వాక్యాల్లో వస్తువులన్నీ వాటంతట అవే పనులు చేసుకుంటున్నాయి. పిల్లలకు ప్రిన్సిపాల్ ఇచ్చిన అభ్యాసం సులువైనది. ఇలాంటి వాక్యం కనబడగానే దాన్ని సకర్మకంలోకి మార్చి రాయమన్నారు. “ఫలానావాళ్ళు నీళ్ళను కలుషితం చేశారు” అని రాయబోతే ‘ఫలానా’ దగ్గర కలం ఆగుతుంది. ఆ ఖాళీలో పెట్టడానికి పేరు తెలిస్తే పెట్టాలి. తెలియకపోతే తెలియదని మనకు మనం తెలుసుకోవాలి. ఒక్కోసారి ఆ ఖాళీలో పెట్టడానికి ఎవరూ ఉండరు. మంచు కరిగింది, ఆకు రాలింది, వరద వచ్చి కట్ట తెగింది. అక్కడ అకర్మకమే సరైన క్రియ, లేని దోషిని తెచ్చి నిలబెట్టడం అన్యాయం. కట్ట తెగడానికి దాని నిర్మాణంలో లోపం కారణమా అన్నది మళ్ళీ వేరే వాక్యం, దానికి వేరే సాక్ష్యం కావాలి. వ్యాకరణం దోషిని పట్టివ్వదు. ప్రశ్న ఎక్కడ మాయమైందో చూపిస్తుంది.

దీనికే ఆవిడ ఇంకో మెట్టు చేర్చారు. ‘చేశాడు’ తర్వాత ‘చేయించాడు’. తెలుగు ప్రేరణార్థకం ఒక్క ‘ఇంచు’తో బాధ్యతను ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి చేరవేస్తుంది. “మేస్త్రీ గోడ కట్టాడు”, “యజమాని మేస్త్రీ చేత గోడ కట్టించాడు” అన్న వాక్యాలు రెండూ నిజం కావచ్చు. సిమెంటు తక్కువ వేయమన్నది ఎవరని అడగాల్సి వచ్చినప్పుడు రెండో వాక్యం రాయగలవాడే ఆ ప్రశ్న అడగగలడు.

మూడో సంగతిని ఆవిడ త్వరగా ముగించారు గానీ, నాకు అది చాలా అవసరమనిపించింది. “తాయెత్తు కట్టాక జ్వరం తగ్గింది” అన్న వాక్యం అక్షరాలా నిజం కావచ్చు. “తాయెత్తు కట్టడం వల్ల జ్వరం తగ్గింది” అన్నది వేరే వాక్యం, దాన్ని వేరుగా నిరూపించాలి. మామూలు వైరస్ జ్వరాలు చాలావరకు కొన్ని రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. మూడోరోజు తాయెత్తు కడితే నాలుగోరోజు తగ్గడం వింతేమీ కాదు. ‘ఆక’ కాలాన్ని చెప్తుంది, ‘వల్ల’ కారణాన్ని చెప్తుంది. ఇబ్బంది ఏమిటంటే, తెలుగులో కొన్ని రూపాలు రెండిటినీ కలిపి మోస్తాయి. “వర్షం పడి చెరువు నిండింది” అన్నప్పుడు క్త్వార్థకం ముందు జరిగినదాన్నీ, కారణాన్నీ ఒకేసారి చెప్తోంది. ఇందాకటి “మాత్ర వేసుకుంటే తగ్గింది” కూడా అలాంటిదే. విన్నవాడు తెలియకుండానే కాలం నుంచి కారణానికి జారిపోతాడు. ఆ జారుడు కనిపించాలంటే వాక్యాన్ని ఒకసారి ‘ఆక’తో, ఒకసారి ‘వల్ల’తో తిరగరాయాలి. మొదటిది రాయడానికి సాక్ష్యం ఉండి, రెండోది రాయడానికి చేయి ఆడకపోతే మనకు నిజంగా తెలిసింది ఎంతో తేలిపోతుంది.

ఇంత ఉపయోగం ఉన్న వ్యాకరణం మన బళ్ళలో బట్టీ పాఠంగా ఎందుకు మిగిలిందని అడగాలి. కొంత చరిత్రలో ఉంది. పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణం దాదాపు నేటికీ మన పాఠ్యపుస్తకాల వ్యాకరణానికి వెన్నెముక. అందులో పది పరిచ్ఛేదాలున్నాయి. సంజ్ఞ, సంధి, తత్సమం, ఆచ్ఛికం, కారకం, సమాసం, తద్ధితం, క్రియ, కృదంతం, ప్రకీర్ణకం. పదం ఎలా తయారవుతుంది, పక్కపక్క పదాలు ఎలా అతుక్కుంటాయి అన్నదాన్ని సూరి అద్భుతమైన పొదుపుతో సూత్రాల్లో పెట్టారు. కావ్యభాషలో తప్పు లేకుండా రాయాలనుకునేవాళ్ళకు కావలసింది అదే. వాక్యానికి విడిగా పరిచ్ఛేదం లేదు. వాక్యాన్నే ప్రధానంగా తీసుకుని, వాడుక తెలుగులో వాక్యాలు ఒకదాంట్లో ఒకటి ఎలా ఇముడుతాయో విడమర్చిన పుస్తకం చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’. అది 1975 నాటిది. రెండిటికీ మధ్య నూరేళ్ళకు పైగా దూరం. బడిలో వ్యాకరణం అనగానే సంధులు, సమాసాలు గుర్తుకు రావడానికి ఈ దూరం ఒక కారణమని నా అభిప్రాయం. సంధి విడదీయడం వచ్చిన పిల్లకు పద్యం అర్థమవుతుంది. నోటీసు అర్థం కావడానికి వాక్యం విడదీయడం రావాలి.

ఇంకో కారణం బోధనా పద్ధతి. 2007లో అమెరికాలో స్టీవ్ గ్రాహం, డొలోరెస్ పెరిన్ అనే పరిశోధకులు, పై తరగతుల పిల్లలకు రాయడం నేర్పే పద్ధతుల మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కూర్చి చూశారు. పదాల రకాలు, వాక్యాల రకాలు గుర్తించడం నేర్పే సంప్రదాయ వ్యాకరణ పాఠం వల్ల పిల్లల రాత మెరుగుపడినట్టు వాళ్ళకు కనిపించలేదు. చిన్న వాక్యాలను కలిపి పెద్ద వాక్యాలు రాయించే అభ్యాసం మాత్రం మేలు చేసింది. అది ఇంగ్లీషు గురించిన అధ్యయనం, రాత గురించి చెప్పినది ఆలోచనకు యథాతథంగా వర్తిస్తుందని అనలేం. అయినా ప్రిన్సిపాల్ ఆ సాయంత్రం చేసినది కూడా ఇదే అని గమనించాలి. ఆవిడ ఎక్కడా “ఇది ఏ వాక్యం?” అని అడగలేదు. ‘తే’ని ‘తేనే’గా మార్చారు, ‘ఇనా’ని విప్పారు, ‘పగిలింది’ని ‘పగలగొట్టారు’గా రాయించారు, ‘ఆక’ పక్కన ‘వల్ల’ పెట్టారు. ప్రతిసారీ అడిగిన ప్రశ్న ఒకటే: ఇప్పుడు ఏం మారింది?

వ్యాకరణం నిజాన్ని తయారుచేయదని కూడా ఆవిడ పిల్లలకు చెప్పారు. “అచ్చు ఉంటే వెనక సరిసంఖ్య ఉంటుంది అన్న నా వాక్యంలో వ్యాకరణదోషం ఏమీ లేదు. అయినా అది అబద్ధం” అని 7 ఉన్న అట్ట తిప్పి చూపించారు. దాని వెనక ‘ఇ’ ఉంది. తప్పు లేకుండా మాట్లాడే అబద్ధాలకోరు ఉంటాడు, తడబడుతూ నిజం చెప్పే సాక్షి ఉంటాడు. యాసలో మాట్లాడే పిల్ల ఆలోచన తక్కువది కాదు. ‘వస్తే’ని ఒక ప్రాంతం ఒకలా పలుకుతుంది, ఇంకో ప్రాంతం ఇంకోలా పలుకుతుంది. షరతుకూ తప్పనిసరికీ ఉన్న తేడా అన్ని ప్రాంతాల తెలుగులోనూ పదిలంగా ఉంది. పలుకు దిద్దడాన్నే వ్యాకరణం అనుకుని పిల్లల నోరు మూయించిన టీచర్లను నేను చాలామందిని చూశాను. ఈ ప్రసంగంలో ఆ ధోరణి ఏ కోశానా లేకపోవడం నాకు సంతోషం కలిగించింది.

తెలుగు ప్రశ్నపత్రాలు తయారుచేసే ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. “కింది వాక్యం ఏ రకమైనదో రాయండి” అన్న ఒక మార్కు ప్రశ్నను ఈ ఏడాది ఒక్క పరీక్షలోనైనా మార్చి చూడండి. “దరఖాస్తుతో ఆదాయ పత్రం జతచేస్తే ఉపకారవేతనం మంజూరవుతుంది” అన్న వాక్యం ఇవ్వండి. “పత్రం జతచేసిన లక్ష్మికి ఉపకారవేతనం రాలేదు, జతచేయని సలీమాకు వచ్చింది. వీటిలో ఏది ఈ వాక్యాన్ని అబద్ధం చేస్తుంది? ‘జతచేస్తే’ని ‘జతచేస్తేనే’గా మారిస్తే మీ జవాబు మారుతుందా? కారణం రాయండి” అని అడగండి. రెండు మార్కులివ్వండి. పిల్లలు చేదర్థకం అన్న పేరు మర్చిపోయినా ఫర్వాలేదు.